అన్నానికి ముందు అంకె

మొన్న ఆదివారం మా మేనల్లుడు శీను జిప్పు సంచీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో రెండు ఇన్సులిన్ పెన్నులు, గ్లూకోమీటరు, స్ట్రిప్పుల డబ్బా, డాక్టరు గారు రాసిచ్చిన చీటీ ఉన్నాయి. వాడికి ఇన్సులిన్ మొదలుపెట్టి పది రోజులయింది. నాకు పద్నాలుగేళ్లు. ఆ లెక్కన నేను వాడికి సీనియర్ని.

"మావయ్యా, చీటీలో అంతా అర్థమైంది గానీ ఈ చివరి లైను దగ్గర బండి ఆగిపోయింది. చూడండి" అని నా ముందు పెట్టాడు. కళ్లద్దాలు సర్దుకుని చదివాను. టార్గెట్ 120 అని రాసుంది. దాని మీద ప్రతి 40కి 1 యూనిట్ ఎక్స్‌ట్రా, భోజనం ముందు మాత్రమే అని ఉంది. 'మాత్రమే' కింద డాక్టరు గారు రెండు గీతలు గీశారు. ఆ రెండు గీతల వెనక బోలెడు సైన్సు ఉంది. దాని గురించే ఈ కబుర్లు.

శీను రోజుకి రెండు రకాల ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. రాత్రిపూట 22 యూనిట్లు నెమ్మదిగా రోజంతా పనిచేసే రకం. టిఫినుకి 8, మధ్యాహ్నం భోజనానికి 8, రాత్రి భోజనానికి 7 యూనిట్లు చురుకు రకం. మన గొడవంతా ఈ రెండో రకంతోనే.

మామూలు ఇన్సులిన్ అణువులకి ఒక అలవాటుంది. ఆరేసి కలిసి, మధ్యలో జింకుని పెట్టుకుని, తడి తగిలిన బెల్లం ముక్కల్లా అతుక్కుపోతాయి. చర్మం కింద అవి ఒక్కొక్కటిగా విడిపోతే గానీ రక్తంలోకి ఎక్కవు. అందుకే పాత రోజుల్లో సూది వేసుకుని అరగంట కూర్చుని, అప్పుడు విస్తరి ముందుకు వెళ్లేవాళ్లం. శాస్త్రవేత్తలు ఇన్సులిన్‌లోని రెండు గొలుసుల్లో 30 పూసలున్న గొలుసుని తీసుకుని, చివర్లో 28, 29 స్థానాల్లో ఉన్న ప్రోలీన్, లైసీన్ అనే రెండు పూసల్ని అటూ ఇటూ మార్చారు. అంతే, అతుక్కునే గుణం తగ్గిపోయింది. 1996లో అది మార్కెట్లోకి వచ్చింది. లైసీన్, ప్రోలీన్ పేర్ల మొదళ్లు కలిపి దానికి లిస్ప్రో అని పేరు పెట్టారు. తరవాత ఆస్పార్ట్, గ్లులిసిన్ వచ్చాయి. వీటిలో ఏది వేసుకున్నా పది పదిహేను నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, గంట రెండు గంటల మధ్య జోరు మీదుంటుంది, నాలుగు గంటలు దాటేసరికి ఇంచుమించు ఖాళీ అవుతుంది. ఈ నాలుగు గంటల మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

"మధ్యాహ్నం నీకు రాసిన 8 యూనిట్లు దేనికిరా?" అని అడిగాను.

"షుగర్ తగ్గడానికి."

"కాదు. నువ్వు తినబోయే అన్నానికి. ఆ అన్నం పెంచబోయే షుగర్ని ఆ 8 చూసుకుంటాయి. నువ్వు 120తో పీట మీద కూర్చుంటే, తిని, అరిగి, మళ్లీ 120 దగ్గరికే వస్తావు. మరి 238తో కూర్చుంటే?"

వాడు కాసేపు ఆలోచించాడు. "అన్నం సంగతి 8 చూసుకుంటాయి కాబట్టి చివరికి మళ్లీ 238 దగ్గరే ఉంటాను."

అదీ సంగతి. కిరాణా కొట్లో ఖాతా ఉన్నవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. ఇవాళ తీసుకునే సరుకుకి ఇవాళ డబ్బులిచ్చినా పాత బాకీ అలాగే ఉంటుంది. అది తీరాలంటే దానికి వేరే ఇవ్వాలి. భోజనం ముందు మీటరు చూపించే అంకె ఆ పాత బాకీ ఎంతో చెబుతుంది. దాని కోసం కలిపే అదనపు యూనిట్లనే డాక్టర్లు కరెక్షన్ డోసు అంటారు.

లెక్క చూడండి. శీను మీటరు మధ్యాహ్నం ఒంటిగంటకి 238 చూపించింది. టార్గెట్ 120 తీసేస్తే 118 ఎక్కువ. ఒక్క యూనిట్ వాడికి సుమారు 40 పాయింట్లు దించుతుందని చీటీ చెబుతోంది. 118ని 40తో భాగిస్తే మూడుకి చిటికెడు తక్కువ. అంటే 3 యూనిట్లు. అన్నానికి 8, బాకీకి 3, మొత్తం 11. రెండు సూదులక్కర్లేదు, పెన్నులో 11 తిప్పి ఒక్కసారే వేసుకోవడం.

బాకీ తిరగబడే రోజులూ ఉంటాయి. రెండు రోజుల ముందు ఇదే వేళకి వాడికి 82 వచ్చింది. 120 కన్నా 38 తక్కువ, అంటే ఇంచుమించు ఒక యూనిట్ జమ ఉన్నట్టు. కాబట్టి 8కి బదులు 7 వేసుకోవాలి. తీసివేత కూడా కరెక్షనే అని చాలామందికి తట్టదు. కాకపోతే కొందరు డాక్టర్లు దీన్ని చీటీలో రాస్తారు, కొందరు రాయరు. రాయకపోతే అడిగి రాయించుకోవాలి. ఇక మీటరు 70 కన్నా తక్కువ చూపిస్తే కూడికలూ తీసివేతలూ ఏమీ వద్దు. ముందు మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలుపుకుని తాగాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ తాగాలి. 70 దాటాకే అన్నం, సూది.

"ఆ 40 ఎక్కడి నుంచి వచ్చింది మావయ్యా?" అన్నాడు శీను. బ్యాంకులో పనిచేస్తాడు కదా, అంకె పుట్టుక తెలియందే నిద్రపట్టదు.

వాడు రోజు మొత్తం మీద తీసుకునే ఇన్సులిన్ అంతా కూడమన్నాను. 22, 8, 8, 7 కలిపితే 45. 1800ని 45తో భాగిస్తే 40. ఈ 1800 ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇన్సులిన్ వాడే చాలామందిని గమనించి వైద్యులు కట్టిన ఉజ్జాయింపు అది. పాత రకం ఇన్సులిన్‌కి 1500 వాడేవారు. భాగహారం వెనక ఉన్న ఆలోచన మాత్రం సులువు. రోజుకి 90 యూనిట్లు కావలసినవాడి ఒళ్లు ఇన్సులిన్ మాట అంత తేలిగ్గా వినదన్నమాట. అతనికి ఒక యూనిట్ దించేది 20 పాయింట్లే. రోజుకి 20 యూనిట్లతో సరిపోయే సన్నటి మనిషికి అదే ఒక్క యూనిట్ 90 పాయింట్లు లాగేస్తుంది. అందుకే పక్కింటాయన చీటీ చూసి మనం వేసుకోవడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. ఇక్కడ నేను చెబుతున్న 120, 40 కూడా శీనువి. వాటిని మీరు పుచ్చుకోకండి. మీవి మీ డాక్టరు గారి చీటీలో ఉంటాయి, లేకపోతే ఉండాలి.

ఇప్పుడు 'మాత్రమే' కింద గీసిన రెండు గీతల దగ్గరికి వద్దాం. గత మంగళవారం శీను చేసిన ఘనకార్యం వాడే చెప్పాడు. ఒంటిగంటకి 8 యూనిట్లు వేసుకుని పప్పన్నం, ఆవకాయ, పెరుగన్నం తిన్నాడు. రెండున్నరకి ఎవరో తోటి ఉద్యోగి "తిన్నాక ఎంతుందో చూసుకోవా?" అంటే చూసుకున్నాడు. 246. గుండె గుభేలుమంది. 120 మీద 126 ఎక్కువ కదా అని చీటీ ప్రకారం ఇంకో 3 యూనిట్లు వేసేసుకున్నాడు. అయిదయ్యేసరికి చెమటలు, చేతులు వణుకు, కౌంటరు ముందు నిలబడ్డ మనిషి చెప్పేది చెవికెక్కడం లేదు. మీటరు 58 చూపించింది. అటెండరు టీ కోసం ఉంచిన పంచదార డబ్బా తెచ్చివ్వబట్టి గట్టెక్కాడు.

వాడు భాగహారంలో తప్పు చెయ్యలేదు, చూడకూడని వేళప్పుడు చూసిన అంకెతో భాగించాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు గిన్నెలో పాలెన్ని ఉన్నాయో చెప్పగలమా? అంచుదాకా వచ్చినట్టు కనిపిస్తాయి, మంట తగ్గిస్తే వాటంతటవే దిగుతాయి. రెండున్నరకి శీను ఒంట్లో అదే జరుగుతోంది. అన్నం అరుగుతూ షుగర్ ఎక్కుతోంది, దాన్ని దించడానికి ఒంటిగంటకి వేసిన ఇన్సులిన్ పరుగెడుతోంది. ఇందాక గుర్తుంచుకోమన్న నాలుగు గంటల్లో గంటన్నరే గడిచింది. అంటే వేసిన 8లో సగానికి పైగా ఇంకా ఒంట్లో ఉన్నట్టే. ఆ 246ని దించడానికి మనుషులు అప్పటికే బయల్దేరారు. అది తెలియక శీను ఇంకో ముగ్గుర్ని పంపాడు. ఆ ముగ్గురూ తలా 40 చొప్పున లాగితే 120 పాయింట్లు అదనంగా పోతాయి. 58 ఎందుకొచ్చిందో తెలిసింది కదా. ఇలా ఒక డోసు పని ముగియకుండానే దాని మీద ఇంకో డోసు పేర్చడాన్ని స్టాకింగ్ అంటారు. ఇన్సులిన్ కొత్తలో అందరూ ఒకసారి చేసే తప్పు ఇది. నేను రెండుసార్లు చేశాను.

అదే భోజనం ముందైతే సంగతి వేరు. పొద్దున ఎనిమిదికి వేసిన డోసు మధ్యాహ్నం ఒంటిగంటకి ఖాళీ అయిపోయి ఉంటుంది. తిన్న ఇడ్లీ కూడా ఎప్పుడో అరిగిపోయింది. పాలు చల్లారాయి, గిన్నెలో మట్టం నిలకడగా ఉంది. అప్పుడు కనిపించే అంకెని నమ్మి లెక్క వెయ్యొచ్చు. పైగా ఎలాగూ ఒక సూది వేసుకోబోతున్నాం. ఇంకో సంగతి, కరెక్షను కాస్త ఎక్కువైనా ఎదురుగా కంచంలో అన్నం ఉంటుంది.

ఇదే లెక్కని ఇంకొంచెం సాగదీస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. పండక్కి ఆలస్యంగా పదకొండింటికి పులిహోర తిని దానికి డోసు వేసుకున్నారనుకోండి. రెండింటికి భోజనం. భోజనం ముందే కదా అని అప్పటి అంకెని పూర్తిగా కరెక్షన్ చెయ్యకూడదు, మూడు గంటలే అయింది కాబట్టి. భోజనం ముందు అన్న మాటకి అసలు అర్థం, వెనకటి డోసు వేసి నాలుగు గంటలు దాటాక అని. పడుకోబోయే ముందు కూడా అంతే జాగ్రత్త. ఎదురుగా అన్నం లేదు, కాపలాకి మనం మేలుకొని ఉండం. రాత్రి కరెక్షనుకి చాలామంది డాక్టర్లు వేరే, తక్కువ కొలత రాస్తారు. అది రాసి లేకపోతే వేసుకోకండి.

అసలు మీటరు చెప్పే అంకె ఎంత నిక్కచ్చి? ఇది లెక్కల మాస్టారుగా నాకు ఇష్టమైన చోటు. ఈ మీటర్లకి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ల్యాబు విలువ 100 పైన ఉన్నప్పుడు, నూటికి 95 సార్లు మీటరు తేడా 15 శాతం లోపల ఉంటే చాలు, మీటరు పాసైనట్టే. అంటే శీను మీటరు 238 చూపిస్తే నిజం 210 అవచ్చు, 270 అవచ్చు. 210 అయితే కరెక్షన్ 2, 270 అయితే దాదాపు 4. కాబట్టి పెన్ను దగ్గర కూర్చుని "2.95 వచ్చింది, 2 వెయ్యనా 3 వెయ్యనా" అని తలపట్టుకోవడం అనవసరం. సందేహం వస్తే కింది అంకెకి దిగండి. కొంచెం ఎక్కువ షుగర్‌తో ఒక పూట గడపొచ్చు గానీ 58తో రోడ్డు దాటలేం.

మీటరు తప్పు ఇంతవరకే. మన వేళ్ల తప్పు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. శీను వచ్చిన రోజే మా ఇంట్లో రసాల బుట్ట దిగింది. సాయంత్రం పిల్లలకి పిండి ఇచ్చాడు, తను మాత్రం నోట పెట్టలేదు. రాత్రి ఏడున్నరకి వేలు పొడుచుకుని చూస్తే 312. వాడి మొహం వాడిపోయింది. 192 ఎక్కువ, 40తో భాగిస్తే 5 యూనిట్లు అంటూ పెన్ను తీశాడు.

"ఆగరా. వేలు వాసన చూడు" అన్నాను.

మామిడిపండు వాసన గుప్పుమంది. సబ్బుతో చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఇంకో వేలు పొడిచి చూస్తే 148. మీటరుకి కావలసిన రక్తం బొట్టు ఆవగింజంత. వేలి మీద కంటికి కనపడని రసం అందులో కలిసినా అంకె ఎగిరిపోతుంది. స్పిరిటు దూది రాస్తే చాలనుకోకండి, పంచదార దాంతో సరిగ్గా పోదు. నీళ్లతో కడుక్కోవాలి, తడి లేకుండా తుడుచుకోవాలి. 148కి వాడి కరెక్షన్ సున్నా, మహా అయితే 1. కడుక్కోకపోయి ఉంటే 5 వేసేవాడు. నాలుగు యూనిట్లు ఉత్తపుణ్యానికి ఎక్కువ, అంటే 160 పాయింట్లు. రాత్రి పదకొండింటికి మా ఇల్లు ఎలా ఉండేదో ఊహించడం కూడా ఇష్టం లేదు నాకు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. ముందు తిన్నదానికీ చూసిన అంకెకీ పొంతన లేకపోతే, కడుక్కుని మళ్లీ చూసుకున్నాకే పెన్ను మూత తియ్యాలి. ఇంకో స్ట్రిప్పు ఖర్చవుతుంది, అవనీ.

పెన్ను మాటొచ్చింది కాబట్టి ఒక ముక్క. పెన్నులో ఇన్సులిన్ మిల్లీలీటరుకి 100 యూనిట్లు. మన మందుల షాపుల్లో ఎర్ర మూత సిరంజీలు దొరుకుతాయి, అవి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాల కోసం చేసినవి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జిలోంచి ఆ సిరంజితో 11 గీతలు లాగితే ఒంట్లోకి వెళ్లేది 27 పైమాటే. ఎంత జాగ్రత్తగా వేసిన కరెక్షన్ లెక్కైనా ఈ ఒక్క తప్పుతో గంగలో కలుస్తుంది.

శీను నోటుబుక్కు తిరగేశాను. మధ్యాహ్నం ముందు అంకెలు వరసగా 226, 241, 82, 219, 238. ఆ 82 సంగతి అడిగితే, ఆ రోజు టిఫిను సగంలో వదిలేసి బ్యాంకుకి పరుగెత్తాడట. మిగతా నాలుగు రోజులూ కరెక్షను అవసరమైనవే. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడేది. రోజూ ఒకే వేళకి బాకీ వస్తుంటే రోజూ తీర్చుకుంటూ పోవడం కాదు, ఎక్కడ చేస్తున్నామో వెతకాలి. మధ్యాహ్నం ముందు అంకె మధ్యాహ్నం డోసుకి కొలత ఇస్తూనే, పొద్దున డోసుకి మార్కులు కూడా వేస్తుంది. ఎనిమిదింటి 8 యూనిట్లు నాలుగు ఇడ్లీలకీ కొబ్బరి చట్నీకీ చాలడం లేదని ఆ నాలుగు అంకెలూ చెబుతున్నాయి. అలాగే రాత్రి భోజనం ముందు అంకె మధ్యాహ్నం డోసుకి మార్కులు వేస్తుంది. పొద్దున పరగడుపు అంకె రాత్రి వేసుకునే నెమ్మది ఇన్సులిన్‌కి వేస్తుంది.

"మరి 40 అన్న అంకె సరైందో కాదో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. మంచి ప్రశ్న. కరెక్షన్ కలిపిన పూటలకి నోటుబుక్కులో చుక్క పెట్టమన్నాను. చుక్క పెట్టిన మధ్యాహ్నాల తరవాత మాత్రమే రాత్రికి 80, 75కి దిగిపోతుంటే కరెక్షన్ మరీ ఘాటుగా ఉంది, వాడికి ఒక యూనిట్ 40 కాదు, 50 దించుతోందేమో. చుక్క లేని రోజుల్లో కూడా అలాగే దిగుతుంటే తప్పు కరెక్షనుది కాదు, మధ్యాహ్నం అన్నానికి వేసే 8దే. ఒక్కరోజు చూసి తేల్చేది కాదు ఇది, అయిదారు చుక్కలైనా పడాలి. మార్చడం మాత్రం డాక్టరు గారి పని. మనం చేయాల్సిందల్లా అంకె, వేళ, తిన్నది, వేసింది రాసి చూపించడం.

జ్వరం, వాంతులు పట్టుకున్నప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ గాడి తప్పుతాయి. రెండు మూడు పూటలు కరెక్షన్ వేసినా అంకె 300 కిందకి దిగకపోతే ఇంకో యూనిట్ కోసం వెతక్కండి, డాక్టరుకి ఫోను చెయ్యండి. ముఖ్యంగా చిన్నప్పుడే టైప్ 1 షుగర్ వచ్చినవాళ్లు అసలు ఆలస్యం చెయ్యకూడదు, కీటోన్లు చూడాలి. ఒక్కోసారి మందే చచ్చిపోయి ఉంటుంది. మే నెలలో స్కూటరు డిక్కీలో పెట్టి మర్చిపోయిన పెన్నుతో ఎన్ని యూనిట్లు వేసినా ఒకటే. ఆ పాఠం నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను.

శీను సోమవారం నోటుబుక్కు పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్లాడు. ఆవిడ మధ్యాహ్నం వరస మీద వేలు పెట్టి, టిఫిను డోసు 8 నుంచి 10 చేశారు. 40ని ముట్టుకోలేదు. నిన్న రాత్రి ఫోను చేసి ఈ వారం మధ్యాహ్నం ముందు అంకెలు చదివాడు. 134, 118, 141, 127. నాలుగు రోజులూ కరెక్షన్ గడిలో సున్నాయే రాశాడట.